చివరి పంక్తి: వ్యవస్థాపకుల వర్ధంతి ప్రసంగం రాయడం గురించి

*మా ట్రస్టు వ్యవస్థాపకులు పోయి ఈ నెలాఖరుకి ఎనిమిదేళ్లు. వర్ధంతి సభలో మేనేజింగ్ ట్రస్టీగారు (ఆయన కోడలు) చదవడానికి ఏడు నిమిషాల ప్రసంగం నన్ను రాయమన్నారు. "ఆయన ఏమేం కట్టించారో అందరికీ తెలుసు, ఎలాంటి మనిషో చెప్పు" అన్నారు. నేను ఉద్యోగంలో చేరిందే ఆయన పోయాక. నా దగ్గరున్నది ఏటా చదివే జాబితా ఒక్కటే. ఎక్కడ మొదలుపెట్టను?*

మీరు ఆయన్ని చూడకపోవడం లోటేమీ కాదండీ. చూసినవాళ్లు రాస్తే "మహానుభావుడు" దగ్గరే ఆగిపోతారు. వాళ్ల కళ్ల ముందు మనిషి కదులుతుంటాడు గనక ఆ ఒక్క మాటతో అంతా చెప్పేసినట్టే ఉంటుంది వాళ్లకి. సభలో కూర్చునేవాళ్లలో చాలామందికి మీలాగే ఆయన గోడమీద ఫోటోగానే తెలుసు. మీకు బోధపడేదాకా మీరు ఏమేం అడుగుతారో, వాళ్లు వినాలనుకునేదీ అదే.

నేను తెలుగు మేష్టరుగా పనిచేసి రిటైరయ్యాను. చిన్న ఊళ్లో తెలుగు మేష్టరంటే సన్మానపత్రం, పెళ్లి పద్యాలు, సంతాప తీర్మానం అన్నీ ఆయన నెత్తినే. అలా వర్ధంతి ప్రసంగాలు ఇరవైకి పైగా రాశాను. వాటిలో మొదటి ఏడెనిమిది ఎందుకూ పనికిరానివి. ఎందుకంటే మీ మేనేజింగ్ ట్రస్టీగారు చెప్పినట్టే నన్నూ "విలువలు రాయండి" అనేవాళ్లు, నేను నిజంగానే విలువలు రాసేవాణ్ణి. నిరాడంబరత, నిజాయితీ, సమయపాలన, పేదలంటే ప్రేమ. అంటే గదుల జాబితా, గ్రాంట్ల జాబితా పోయి గుణాల జాబితా వచ్చింది. అది ఇంకా అన్యాయం. కట్టిన గదుల సంఖ్యలో కనీసం ఒక నిజం ఉంటుంది. "నిరాడంబరులు" అన్న మాట ఈ రాష్ట్రంలో పోయిన ప్రతి పెద్దమనిషికీ అతుకుతుంది.

చాలా ఆలస్యంగా తెలుసుకున్నది ఒకటుంది. ఒక మనిషికి ఒక విలువ ఉందని ఎదుటివాడికి తెలిసేది, దాని కోసం ఆ మనిషి ఏదైనా పోగొట్టుకున్నప్పుడే. డబ్బే కానక్కర్లేదు. ఒక స్నేహం, ఒక మంచి పేరు, ఒక పూట మంచి భోజనం, చివరికి మోకాళ్ల నొప్పి అయినా సరే. అందుకని మీరు వెతకాల్సింది ఆయన మంచితనం కాదు, ఆయన ఎక్కడ అడ్డం తిరిగారు, ఎక్కడ ఇబ్బంది పడ్డారు అన్నది.

దానికి ముగ్గురు నలుగురితో మాట్లాడండి, ట్రస్టీలతో మాత్రం మొదలుపెట్టకండి. వంటావిడ, గుమస్తా, వాచ్‌మన్, కారు ఉంటే డ్రైవరు, అప్పట్లో చదువుకుని ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న ఒకరిద్దరు. "ఆయన గురించి చెప్పండి" అని అడక్కండి. అలా అడిగితే ఎంత తెలివైనవాళ్లయినా ఉపన్యాసం ఎత్తుకుంటారు. నేను అడిగేవి రెండే ప్రశ్నలు. "ఆయన మీమీద ఎప్పుడైనా కోప్పడ్డారా, దేనికి?" ఇది మొదటిది. రెండోది నన్ను ఎప్పుడూ మోసం చెయ్యలేదు: "ఆయన వస్తున్నారని తెలిస్తే హడావుడిగా ఏం సర్దేవాళ్లు?" ఎదుటివాళ్లు ఏది సర్దుకుంటారో ఆయన చూపు అక్కడ పడేదన్నమాట. ఒకచోట మరుగుదొడ్ల మగ్గులు అన్నారు. ఇంకోచోట ఏమీ సర్దేవాళ్లం కాదు, ఆయన చెప్పకుండానే వచ్చేవారు అన్నారు. ప్రసంగానికి అదీ పనికొచ్చింది.

దీంతో పాటు మినిట్స్ పుస్తకం అడిగి తీసుకోండి. ఆమోదించిన తీర్మానాల్లో మనిషి దొరకడు. "చర్చించిన మీదట తిరస్కరించడమైనది", "వాయిదా వేయడమైనది" అని ఉన్నచోట ఆగండి. ఎవరో ఏదో ఇస్తామంటే వద్దన్న రోజు అది, లేదా ఎవరో అడిగితే కుదరదన్న రోజు. తేదీ చూసుకుని గుమస్తాని అడగండి, అసలు కథ బయటికొస్తుంది. వోచర్ల ఫైళ్లు ఉంటే అవీ తిరగెయ్యండి. కొందరు పెద్దవాళ్లు వోచరు వెనకాల పెన్సిల్‌తో ప్రశ్నలు రాసేవారు. ఆ చేతిరాత ఒక్కటి చాలు.

ఒక ఉదాహరణ చెబుతాను. గోదావరి వైపు ఒక హాస్టలు ట్రస్టు. వ్యవస్థాపకులు పోయి అప్పటికి ఐదేళ్లు. ప్రసంగం చదివేది ఆయన తమ్ముడు. నాకిచ్చిన కాగితంలో గదులు, ఎకరాలు, ఎంతమంది చదువుకున్నారు, ఏ అవార్డులొచ్చాయి, అంతే. నేను పట్టుబట్టి వంటింటి దగ్గర కూర్చున్నాను. వంటావిడ అప్పటికి పాతికేళ్లుగా అక్కడే పనిచేస్తోంది. రెండో ప్రశ్న అడిగితే ఆవిడ తడుముకోకుండా "పప్పండీ" అంది. పప్పేమిటమ్మా అంటే చెప్పింది.

అక్కడ అరవైమంది పిల్లలు, ఇరవయ్యేసి మంది చొప్పున మూడు పంక్తులు. చిన్నపిల్లలు ముందు, పదో తరగతివాళ్లు ఆఖర్న. ఆయన గురువారం వచ్చేవారు, వస్తే అక్కడే భోంచేసేవారు, ఎప్పుడూ చివరి పంక్తిలోనే. పెద్దమనిషి కదా, మొదటి పంక్తిలో వడ్డిస్తామంటే ఒప్పుకునేవారు కాదు. ఒక గురువారం చివరి పంక్తికొచ్చేసరికి పప్పు నీళ్లయిపోయింది, పెరుగు మజ్జిగ అయిపోయింది. పిల్లలు ఎక్కువ తిన్నారో, వడ్డించేవాళ్ల చెయ్యి పెద్దదో, వంటావిడకి ఇప్పటికీ తెలీదు. ఆయన మాట్లాడకుండా తిన్నారు. చెయ్యి కడుక్కుని వంటింట్లోకొచ్చి, పైన బోర్లించి ఉన్న ఒక తపేలా చూపించి, "రేపట్నుంచి పప్పు దించగానే ముందు దీన్నిండా తీసి మూతపెట్టమ్మా. ఇది చివరి పంక్తిది. వడ్డన తర్వాత" అన్నారు.

ఇంత దొరికాక ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. వెంటనే రాసెయ్యాలనిపిస్తుంది. అక్కడే ఆగాలి. ఒక్కరి నోట విన్నది ప్రసంగంలోకి తేకూడదు, ఎందుకంటే సభలో ఇంకో పదిమందికి అదే రోజు ఇంకోలా గుర్తుంటుంది. నేను గుమస్తాని అడిగాను. "చివరి రెండేళ్లూ ఆయన అక్కడ తినలేదండీ, షుగరు. స్టూలు వేయించుకుని గిన్నెల్లోకి తొంగిచూసేవారు, అంతే" అన్నాడు. అప్పట్లో పదో తరగతి చదివిన ఒకాయన ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడు. ఫోన్లో అడిగితే నవ్వాడు. "మాకు ఆ కారణం తెలీదు సార్. గురువారం ఆయన పక్కన చోటు ఎవరికొస్తుందో అని భయం. మెతుకు కింద పడితే చూసేవారు" అన్నాడు. అంటే చివరి పంక్తి నిజం. "జీవితాంతం" అన్నది మాత్రం నిజం కాదు. నేను "ఓపిక ఉన్నన్నాళ్లూ" అని రాసుకున్నాను. చిన్న సవరణలా కనిపిస్తుంది గానీ, సభలో కూర్చున్న గుమస్తా తల ఊపుతాడా, పక్కవాడి చెవిలో ఏదో అంటాడా అన్నది దాని మీదే ఉంటుంది.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కొన్ని కథలు ఊరూరా తిరుగుతుంటాయి. ఆఫీసు పని అయిపోగానే ఆఫీసు దీపం ఆర్పి సొంత దీపం వెలిగించుకున్న ఆయన కథ, సొంత ఉత్తరానికి ఆఫీసు కాగితం వాడని ఆయన కథ. చెప్పినవాళ్లు అబద్ధం ఆడుతున్నారని కాదు, విన్న కథ ఇష్టమైన మనిషికి అతుక్కుపోతుంది. గుర్తుపట్టడం తేలికే. ఆ కథలో మీ ఊరి వస్తువు ఒక్కటీ ఉండదు, రోజు ఉండదు, పక్కనున్న మనిషి ఉండడు. తపేలా కథలో ఇవన్నీ ఉన్నాయి.

ఇప్పుడు రాయడం. ఇది చెప్పడానికి అందరికీ తెలిసిన మనిషిని తీసుకుంటాను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలు, మే 9 ఆవిడ వర్ధంతి. ఆవిడ గురించి జాబితా రాయడం ఎంత తేలికో చూడండి: 1937లో మద్రాసులో సభ స్థాపన, రాజ్యాంగ సభ సభ్యత్వం, ప్రణాళికా సంఘం, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు, 1975లో పద్మవిభూషణ్. ఒక్కటీ అబద్ధం కాదు. విన్నవాడు గౌరవంగా తల ఊపి, ఇంటికెళ్లేలోపు మర్చిపోతాడు.

అదే 1923 కాకినాడ కాంగ్రెస్ దగ్గర మొదలుపెట్టండి. పక్కన ఖాదీ ప్రదర్శన, దాని గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ల వాలంటీరు దుర్గాబాయి. టికెట్ లేనివాళ్లని లోపలికి పంపకూడదని ఆ పిల్లకి చెప్పారు. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, టికెట్ లేదు. ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టికెట్ కొనిచ్చాకే లోపలికి పంపింది. ఇక్కడ "ధైర్యం", "నిజాయితీ", "కర్తవ్యదీక్ష" అని మీరు రాయక్కర్లేదు. గుమ్మానికి అడ్డంగా చాచిన ఆ చెయ్యే అన్నీ చెబుతుంది. ఆ తర్వాత నెహ్రూ ఏమన్నారో చెప్పే నోటిని బట్టి మారుతుంటుంది. ఆవిడ ధైర్యాన్ని మెచ్చుకున్నారన్నంత వరకే ఆగితే మంచిది.

అయితే ఇంతటితో ఊరుకుంటే అది చిన్నప్పటి కథగానే మిగులుతుంది. ఆవిడ సంస్థ స్థాపించిన మనిషి గదా, సంస్థలోకి ఆ మనిషి ఎలా వచ్చిందో చూపించాలి. ఆవిడ చిన్నతనంలోనే బడి మానేసింది, మెట్రిక్ చాలా ఆలస్యంగా బెనారస్ విశ్వవిద్యాలయం ద్వారా రాసింది. తర్వాత మద్రాసులో మహిళా సభ తెలుగు ఆడపిల్లలకి పాఠాలు చెప్పించింది ఏ పరీక్షకో తెలుసా? అదే బెనారస్ మెట్రిక్‌కి. తను దాటిన గుమ్మాన్నే తెరిచిపెట్టింది. ఒక గుమ్మం దగ్గర పెద్దమనిషిని ఆపిన పిల్ల, ఇంకో గుమ్మం దగ్గర ఎవర్నీ ఆపనివ్వలేదు. ప్రసంగంలో ఈ రెండూ పక్కపక్కన పెడితే ఐదు పదవుల జాబితా అవసరమే ఉండదు. మీ పెద్దాయన విషయంలోనూ ఈ రెండో ముక్క వెతకండి. ఆయన సొంత కష్టానికీ, ట్రస్టు చేసే పనికీ మధ్య ఎక్కడో ఒక దారం ఉంటుంది. హాస్టలు కట్టినవాడు చిన్నప్పుడు ఎవరింట్లో వారాలు చేసుకుని చదివాడో అడగండి.

ఆ తమ్ముడిగారి కోసం నేను రాసిన ముక్క ఇది:

"అన్నయ్య గురువారం హాస్టలుకి వచ్చేవాడు. ఓపిక ఉన్నన్నాళ్లూ పిల్లలతోనే తిన్నాడు. చివరి పంక్తిలో. ఎందుకు అన్నయ్యా, పెద్దవాడివి, ముందు కూర్చోవచ్చు గదా అని నేనూ అడిగాను. ముందు కూర్చుంటే పప్పు ఎలా ఉందో తెలుస్తుందిరా, చివర కూర్చుంటే హాస్టలు ఎలా ఉందో తెలుస్తుంది అన్నాడు. ఒకరోజు చివరి పంక్తికి పప్పు అందలేదు. ఆయన ఎవర్నీ తిట్టలేదు. వంటింట్లోకెళ్లి ఒక తపేలా చూపించి, ముందు దీన్లోకి తీసి మూతపెట్టండి, ఇది చివరివాళ్లది అన్నాడు. ఇవాళ పొద్దున నేను వంటింట్లోకెళ్లాను. తపేలా పొయ్యి పక్కనే ఉంది. మూతపెట్టి ఉంది."

మధ్యలో అన్నదమ్ముల మాట నా కల్పన కాదు. తమ్ముడిగారికి ఈ కథ చదివి వినిపిస్తే ఆయన అప్పటికప్పుడు గుర్తుచేసుకుని చెప్పింది. చదివేవాళ్లకి ముందుగా వినిపించడంలో లాభం అదే. మీ రాతలో మీరు మాటలు పుట్టించి ఆయన నోట్లో పెట్టకండి. మాట దొరక్కపోతే పని చెప్పండి, చాలు.

ఈ ముక్క కింద మొదటి ప్రతిలో ఇంకో వాక్యం ఉండేది: "సమసమాజాన్ని కలగన్న దార్శనికుడు ఆయన." తమ్ముడిగారు చదువుతూ చదువుతూ అక్కడ ఆగి, "మా అన్నయ్య ఇలాంటి మాటలు వింటే లేచి వెళ్లిపోయేవాడండీ" అన్నారు. కొట్టేశాను. అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. సంఘటన అయిపోయిన వెంటనే వచ్చే వాక్యంలో "-త్వం", "-త", "-శీలి" తోకలుంటే దాన్ని తీసేసి చదువుతాను. పదింటికి తొమ్మిదిసార్లు లోటు తెలీదు.

ఏడు నిమిషాలంటే ఎంతో చూసుకోండి. సభలో నిదానంగా, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ చదివితే నిమిషానికి ఎనభై, తొంభై తెలుగు మాటలకంటే వెళ్లవు. అంటే ఆరొందల మాటలు. అందులో రెండు సంఘటనలు పడతాయి, మూడోది పడదు. పాత జాబితాని పారెయ్యక్కర్లేదు, సభ నడిపేవాళ్లకి ఇచ్చి ప్రసంగానికి ముందే నాలుగు వాక్యాల్లో చెప్పించండి, లేదా కరపత్రం వెనకాల అచ్చువేయించండి. అది అక్కడ వినిపించిందంటే ప్రసంగంలో లేదని ఎవరూ అలగరు. "వేదికనలంకరించిన" అంటూ పేర్లన్నీ చదవడం కూడా ఆ నడిపేవాళ్ల పనే. పేర్లకే ఒకటిన్నర నిమిషం పోయిన ప్రసంగాలు చూశాను.

రెండో సంఘటనగా ఆయన తప్పో, మొండితనమో ఒకటి పెట్టండి. ఇది విని చాలామంది జంకుతారు. కానీ మచ్చలేని మనిషి కథ విన్నవాళ్లు మొదటి కథనీ నమ్మరు. ఆ హాస్టలు పెద్దాయన టీవీ కొననిచ్చేవారు కాదు, ఎంతమంది చెప్పినా. 2011 ప్రపంచ కప్ ఫైనల్ రోజు రాత్రి పెద్ద పిల్లలు గోడ దూకి కాఫీ హోటల్లో మ్యాచ్ చూసొచ్చారు. తర్వాతి గురువారం అందరూ బిక్కుబిక్కుమంటూ చివరి పంక్తిలో కూర్చుంటే, ఆయన అన్నం కలుపుకుంటూ "ధోనీ ఆఖర్న సిక్సు కొట్టాడటగా" అన్నారట. అంతే. టీవీ మాత్రం కొనలేదు. సభలో పాత విద్యార్థులు దీనికి పగలబడి నవ్వారు, నలుగురు కళ్లు తుడుచుకున్నారు. ఆయన చేసింది సరైనదని ప్రసంగం ఎక్కడా అనలేదు.

కోడలుగారు చదువుతారు గనక పిలుపు గురించి. మొదట్లో ఒక్కసారి "మా మామయ్యగారు" అని బంధుత్వం చెప్పి, తర్వాత అంతా "ఆయన" చాలు. ప్రతి వాక్యంలోనూ "మామయ్యగారు" వస్తే అది ఇంటి సొంత వ్యవహారంలా వినిపించి, ముప్పై ఏళ్లు అక్కడ పనిచేసినవాళ్లు పరాయివాళ్లయిపోతారు. అసలు బంధుత్వం చెప్పకుండా "మన వ్యవస్థాపకులు" అని మొదలుపెడితే ఆవిడే ఆయన్ని దూరం పెట్టినట్టుంటుంది. ఆవిడ ఇంట్లో చూసినది ఒకటుంటే అడిగి పెట్టండి. పెళ్లయి వచ్చిన కొత్తల్లో ట్రస్టు గురించి ఆవిడ ఏమనుకునేవారు అన్నది మంచి ప్రశ్న. ఇంటి డబ్బు బయటికి పోతుంటే కోడలు ఏమనుకుందో నిజాయితీగా ఒక్క వాక్యంలో చెప్పగలిగితే సభ మొత్తం నిటారుగా కూర్చుంటుంది.

"కీర్తిశేషులు", "స్వర్గీయ" లాంటివి పేరు ముందు ఒక్కసారి వాడండి. "అమరజీవి" వద్దు, మనకి ఆ మాట పొట్టి శ్రీరాములుగారి పేరుతో కలిసిపోయింది, ఇంకెవరికి వాడినా చెవికి అతకదు. ఎన్నో వర్ధంతో లెక్క సరిచూసుకోండి. మనిషి పోయాక ఏడాది నిండినప్పుడు వచ్చేది మొదటిది, కాబట్టి మీది ఎనిమిదోది. ఇంట్లో తిథి ప్రకారం పెట్టే ఆబ్దికం వేరే రోజు పడొచ్చు, సభ తేదీ వేసేముందే ఆవిడని అడగండి. సరిహద్దు ఊళ్లవాళ్లయితే ఇంకో తమాషా ఉంది: కన్నడంలో వర్ధంతి అంటే పుట్టినరోజు. బళ్లారి వైపు నుంచి వచ్చిన అతిథి ఒకాయన ఆహ్వానం చూసి పూలగుత్తితో నవ్వుతూ దిగడం నేను కళ్లారా చూశాను. "సంస్మరణ సభ" అని కూడా వేస్తే ఈ గొడవ ఉండదు.

ఇక అసలు ప్రమాదం. ఒక ట్రస్టుకి నేను రాసిన ప్రసంగంలో "ఆయన ఏనాడూ తన ఫోటో అచ్చువేయించుకోలేదు, పిల్లలకిచ్చే నోటుబుక్కుల మీద దాత పేరు కూడా వద్దన్నారు" అని ఉంది. పక్కా నిజం, మినిట్స్‌లో తీర్మానం కూడా ఉంది. సభరోజు వెళ్లి చూస్తే వేదిక వెనకాల పెద్ద ఫ్లెక్సీ. ఇప్పటి ట్రస్టీల ముఖాలు పదకొండు, మూలన చిన్న గుండ్రంలో వ్యవస్థాపకులు. పంచడానికి తెచ్చిన నోటుబుక్కుల అట్టమీద అధ్యక్షులవారి ఫోటో. చదివే ఆయన ఆ వాక్యం దగ్గరికి రాగానే వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అది అలా ముందుకు పాకింది. చదివే ఆయనకి ఎందుకో అర్థంకాక మళ్లీ అదే వాక్యం చదివారు. తప్పు నాది. కాగితం మీద నిజమైతే చాలనుకున్నాను, వేదిక ఎలా ఉంటుందో అడగలేదు.

వ్యవస్థాపకుల విలువ చెప్పడమంటే ఇప్పుడు నడిపేవాళ్ల ముందు అద్దం పెట్టడమే. కాబట్టి ఏ విలువ ఎంచుకున్నారో వారం ముందే మేనేజింగ్ ట్రస్టీగారికి చెప్పండి. "ఇది చదివితే ఇప్పుడు మనం చేస్తున్న ఫలానా పని జనానికి గుర్తొస్తుంది, ఫర్వాలేదా?" అని సూటిగా అడగండి. ఆవిడ ముందు రెండు దారులుంటాయి: ఆ పని మార్చుకోవడం, లేదా వేరే సంఘటన తీసుకోవడం. రెండూ మంచివే. ఆవిడకి చెప్పకుండా చురక పెట్టి చదివించడం మాత్రం వద్దు. ఆ ప్రసంగం ఆవిడ నోటిది, మీది కాదు. అలాగే "ఆయన వద్దని తిప్పిపంపిన చెక్కు" లాంటి కథ దొరికితే ఆ దాత కుటుంబం సభకి వస్తున్నదేమో చూసుకోండి. పేరు చెప్పకపోయినా చిన్న ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. ఒకసారి అలాంటి కథ చదువుతుంటే ఆ దాత కొడుకు రెండో వరసలో కూర్చున్నాడు. అతను లేచి వెళ్లిపోతాడేమోనని నేను చెమటలు కక్కాను. అతను వెళ్లలేదు గానీ, ఆ ఏడాది నుంచి సభకి రావడం మానేశాడు.

చివర ఎలా ఆపాలని తప్పకుండా వస్తుంది. "ఆయన ఆశయాలను ముందుకు తీసుకెళ్దాం, అదే మనం అర్పించే నిజమైన నివాళి" అని రాయకండి. ఆ వాక్యం మొదలవగానే జనం చెప్పులు వెతుక్కుంటారు. ఆయన చేసిన పని ఇవాళ్టికీ ఎక్కడ జరుగుతోందో ఆ చోట ఆపండి. తపేలా మూతపెట్టి ఉంది అన్నచోట తమ్ముడిగారు కాగితం మడిచి కూర్చున్నారు. కాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సభ నడిపే ఆయన ప్రసంగం ఇంకా అయిపోలేదనుకున్నారట. అలాంటి చోటు మీకు దొరక్కపోతే, అంటే ఆయన పద్ధతి ఏదీ ఇప్పుడు మిగల్లేదని తేలితే, ఆయన చివరిసారి ట్రస్టు ఆఫీసుకి వచ్చిన రోజు ఏం చేశారో చెప్పి ఆపండి. మిగిలింది అని అబద్ధం చెప్పడం కంటే అది నయం.

సభకి ముందురోజు ఇంకో పని చెయ్యండి. కథ ఎవరిదో వాళ్లకి ఆ ముక్క చదివి వినిపించండి. మేనేజింగ్ ట్రస్టీగారి కంటే ముందు వాళ్లకే. నేను వంటావిడకి చదివి వినిపించినప్పుడు నా కాగితం మీద "గిన్నె" అని ఉంది. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ విని, "గిన్నె కాదండీ, తపేలా. గిన్నెలో ఇరవైమందికి ఎలా సరిపోద్ది?" అంది. అక్కడే కొట్టేసి రాసుకున్నాను.